పాత సిజేరియన్, మూడు దారులు: ఒక గర్భిణి ఎక్కడ చూపించుకోవాలో ఎలా తేల్చుకుంది

ఆమెకు 29 ఏళ్లు. రెండో గర్భం, పదో వారం నడుస్తోంది. మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డ పుట్టేనాటికి ఆ ఆపరేషన్ జరిగి మూడేళ్లవుతుంది. బీపీ, షుగర్, థైరాయిడ్ సమస్యలేవీ లేవు. వైద్యపరంగా మామూలు కేసే, కానీ ఇంట్లో ముగ్గురివి మూడు మాటలు. మొదటి కాన్పు చేసిన గైనకాలజిస్టు నర్సింగ్ హోమ్ దగ్గర్లోనే ఉంది కాబట్టి అక్కడికే వెళ్దామంటాడు భర్త. ఈసారి నార్మల్ కావాలి కాబట్టి మిడ్‌వైఫ్‌లు నడిపే ప్రసూతి కేంద్రానికి వెళ్తానంటుంది ఆమె. ఏదైనా తేడా వస్తే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలోనే అన్నీ ఉంటాయని అక్క పట్టుబడుతోంది.

నేను ప్రసూతి వైద్యురాలిని. ఇప్పుడు కాన్పులు చేయడం లేదు, గర్భిణులకు సలహా, రెండో అభిప్రాయం మాత్రం ఇస్తుంటాను. వాళ్లు ఎక్కడ చేరినా నాకు లాభనష్టాలు లేవు గనుక ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికి ఎక్కువే వస్తాయి. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

"ముగ్గురిలో ఎవరు మంచి, మేడమ్?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా, మొదటి కాన్పు కాగితాలు చూపించమన్నాను.

పాత కాగితం

ఆమె తెచ్చింది ఒక్క పేజీ డిశ్చార్జ్ సమ్మరీ. అందులో ఎల్ఎస్‌సీఎస్ అని, అంటే సిజేరియన్ అని, కారణంగా "కాన్పు ముందుకు సాగలేదు" అని ఉంది. చాలామంది దగ్గర ఇంతే ఉంటుంది. రెండో కాన్పు ఎక్కడ అన్నది తేల్చడానికి ఇది చాలదు. రెండు సంగతులు తెలియాలి: గర్భసంచి మీద కోత ఎటు పెట్టారు, నిజంగా ఏ పరిస్థితిలో పెట్టారు.

కోత సంగతి ముందు. పొట్ట మీద కనిపించే మచ్చను బట్టి లోపల గర్భసంచి మీద కోత ఎలా ఉందో చెప్పలేం. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోస్తే, తర్వాతి కాన్పులో నొప్పులు వచ్చినప్పుడు ఆ మచ్చ చిట్లే అవకాశం సుమారు 200 మందిలో ఒకరికి. పై భాగంలో నిలువుగా కోస్తే ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అలాంటివాళ్లకు నొప్పులు మొదలవకముందే మళ్లీ సిజేరియన్ చేస్తారు. అడ్డంగా మొదలుపెట్టిన కోత బిడ్డను తీసేటప్పుడు పక్కకో పైకో చీలి ఉంటే అది కూడా తెలియాలి. ఇవన్నీ ఆపరేషన్ నోట్స్‌లో రాస్తారు గానీ సమ్మరీలో రాయరు. రాతపూర్వకంగా అడిగితే ఆసుపత్రి రికార్డుల విభాగం కాపీ ఇస్తుంది. ఆమె వారం తర్వాత తెచ్చింది. కింది భాగంలో అడ్డకోత, చీలిక లేదు, కుట్లు రెండు పొరల్లో.

ఇక కారణం. అదే నోట్స్‌లో నొప్పుల చార్ట్ కూడా ఉంది. 40 వారాలు దాటగానే నొప్పుల కోసం మందు పెట్టారు. దాదాపు 14 గంటల తర్వాత గర్భసంచి ముఖద్వారం 3 సెంటీమీటర్ల దగ్గరే ఉందని ఆపరేషన్ చేశారు. బిడ్డ బరువు 3.1 కిలోలు. అసలు నొప్పులు ఊపందుకోకముందే ఆపేశారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం కాన్పు చురుకైన దశ 5 సెంటీమీటర్లకు మొదలవుతుంది. ఆ లెక్కన ఆమె కటి చిన్నదనో బిడ్డ పెద్దదనో చెప్పడానికి ఆధారమే లేదు. అదే 9 సెంటీమీటర్ల దాకా వచ్చి గంటల తరబడి అక్కడే ఆగిపోయి ఉంటే నేను ఇంకోలా మాట్లాడేదాన్ని.

ఇలా పాత సిజేరియన్ ఒకటే ఉన్నవాళ్లు నార్మల్‌కి ప్రయత్నిస్తే మొత్తం మీద నూటికి 72 నుంచి 75 మందికి అవుతుంది. ఇంతకుముందు ఒక్క నార్మల్ కాన్పైనా అయినవాళ్లకు ఇంకా ఎక్కువ. ఆమెకు అది లేదు, పైగా మొదటిసారి కారణం కాన్పు సాగకపోవడం. అందుకని ఆ సగటు కన్నా కాస్త తక్కువే అనుకోమన్నాను. ప్రయత్నించదగ్గ కేసే, హామీ ఇవ్వదగ్గ కేసు కాదు.

అసలు ఏం కావాలి

ఆ 200లో ఒకరు అన్న లెక్కే ఈ ఎంపికంతటినీ నడిపించింది. మచ్చ చిట్లడం అరుదే, కానీ చిట్లితే మిగిలే సమయం నిమిషాల్లో. ఎక్కువ కేసుల్లో మొదట తెలిసేది బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం వల్లే. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని కడుపునొప్పి, రక్తస్రావం, నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం, తల్లి నాడి వేగం పెరగడం ఆ తర్వాత రావచ్చు, కొన్నిసార్లు రాకపోవచ్చు కూడా. కాబట్టి నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ గుండె చప్పుడును ఆగకుండా చూస్తుండాలి. ఆపరేషన్ అన్న మాట వచ్చాక బిడ్డ బయటికి రావడానికి అరగంట అన్నది సాధారణంగా చెప్పుకునే గడువు. మచ్చ పూర్తిగా విడిపోయినప్పుడు అది కూడా ఆలస్యమే కావచ్చు.

అంటే ఆమెకు రెండు వేర్వేరు అవసరాలున్నాయి. నెలనెలా తన మాట వినే, రక్తహీనతా బీపీ లాంటివి ముందే పట్టే మనిషి ఒకరు. అర్ధరాత్రి రెండింటికి థియేటర్, మత్తు డాక్టర్, రక్తం సిద్ధంగా ఉండే చోటు ఒకటి. ఈ రెండూ ఒకే చోట దొరికితే మంచిదే. దొరకకపోతే రెండో అవసరాన్ని మొదట ఖాయం చేసుకుని, మొదటిదాన్ని దాని చుట్టూ అమర్చుకోవాలన్నది నా అభిప్రాయం. ఇంట్లో వాదన మాత్రం అంతా మొదటిదాని మీదే జరుగుతోంది. ఎవరు నవ్వుతూ మాట్లాడతారు, ఎక్కడ క్యూ ఉండదు అని.

మూడు చోట్లకూ వెళ్లి అడగమని కొన్ని ప్రశ్నలు రాసిచ్చాను. అన్నీ కాన్పు రాత్రికి సంబంధించినవే.

నర్సింగ్ హోమ్‌లో

గైనకాలజిస్టును ఆమె మొదట అడిగింది నేను వద్దన్న ప్రశ్నే: "మీ దగ్గర సిజేరియన్లు ఎంత శాతం?" ఆ మొత్తం శాతం వల్ల పెద్దగా ఏమీ తెలియదు. కష్టమైన కేసులన్నీ వచ్చిపడే చోట అది ఎక్కువే ఉంటుంది, తేలిక కేసులే తీసుకునే చోట తక్కువుంటుంది. అందుకే రాబ్సన్ వర్గీకరణ అని ఒకటి ఉంది. కాన్పులన్నిటినీ పది గుంపులుగా విడదీసి లెక్కపెట్టే పద్ధతి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రులన్నీ దీన్నే వాడాలని సూచించింది. అందులో అయిదో గుంపు పాత సిజేరియన్ ఉండి, ఒక్క బిడ్డ, తల కిందికి, నెలలు నిండినవాళ్లది. ఆమె ఆ గుంపే. కాబట్టి అడగాల్సింది ఇలా: "నాలాగా పాత సిజేరియన్ ఒకటి ఉన్నవాళ్లలో పోయిన ఏడాది మీ దగ్గర ఎంతమంది నార్మల్‌కి ప్రయత్నించారు? వాళ్లలో ఎంతమందికి అయింది?" అంకెలు నోటికి రాకపోయినా పర్వాలేదు. ప్రయత్నించినవాళ్లు ఉన్నారా లేరా అన్నది ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

ఆ డాక్టరు నిజాయతీగానే చెప్పింది. ఏడాదికి ఇద్దరో ముగ్గురో ప్రయత్నిస్తారట, అదీ నొప్పులతో వాళ్లంతట వాళ్లు వస్తేనే. "ప్రయత్నిద్దాం, చూద్దాం" అంది. ఈ "చూద్దాం" వినగానే చాలామంది సంతోషపడి ఇంటికి వెళ్లిపోతారు. దాని వెనకున్న షరతులు అడగమని చెప్పాను. ఎన్నో వారం దాకా ఆగుతారు? 40 దాటితే ఏం చేస్తారు? రాత్రిపూట నొప్పులొస్తే తెల్లారేదాకా మీరు ఇక్కడే ఉంటారా? మీరు ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారు, వాళ్లు కూడా ఇదే మాట మీద ఉంటారా?

జవాబుల్లో ఒకటి విషయం తేల్చేసింది. మత్తు డాక్టరు బయటినుంచి పిలిస్తే రావాలి, రాత్రిపూట 40 నిమిషాలు పట్టొచ్చు. రక్తం కూడా బయటి రక్తనిధి నుంచే తెప్పించాలి. డాక్టరు మంచిదే, ఆమెకు ఇష్టం కూడా ఉంది. కానీ మచ్చ చిట్లిన రాత్రి ఆ ఇష్టం అక్కరకు రాదు. నిజానికి అలాంటి చోట ముందే తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్ సురక్షితం, పాత సిజేరియన్ మీద నొప్పులకు ఎదురుచూడటం కాదు. ఆ డాక్టరు 39వ వారంలో "ఇంక ఆపరేషన్ చేసేద్దాం" అని ఉంటే చాలామంది డబ్బాశ అనుకుంటారు. కొన్నిచోట్ల అదీ ఉంటుంది, లేదని నేననను. కానీ మత్తు డాక్టరు లేని చోట రాత్రంతా టెన్షన్ పడలేక పగలు ఆపరేషన్ పెట్టుకునే డాక్టర్లు కూడా చాలామందే ఉన్నారు.

మిడ్‌వైఫ్ కేంద్రంలో

ఆమె మనసు ఇక్కడే ఉంది. ఎందుకో నాకు అర్థమవుతుంది. ఒకే మిడ్‌వైఫ్ బృందం మొదటి నెల నుంచి కాన్పు దాకా చూసే పద్ధతి మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కాక్రేన్ సంస్థ 2024లో మరోసారి కలిపి చూసింది. ఆ పద్ధతిలో నార్మల్ కాన్పులు కొంచెం ఎక్కువ, సిజేరియన్లు, పరికరాలతో బిడ్డను తీయడం, యోని దగ్గర కోత పెట్టడం తక్కువ అని తేలింది. అయితే ఆ ప్రయోగాల్లో మిడ్‌వైఫ్‌లందరూ పూర్తి శిక్షణ పొందినవాళ్లు, ఒక ఆసుపత్రి వ్యవస్థలో భాగంగా పనిచేసినవాళ్లు. ఆ రెండూ ఉన్నాయో లేదో చూడకుండా ఆ ఫలితాలను మనకు అన్వయించుకోకూడదు.

అందుకని మొదటి ప్రశ్న శిక్షణ గురించి. మిడ్‌వైఫ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ప్రమాణాల ప్రకారం నేరుగా చదివితే కనీసం మూడేళ్లు, నర్సింగ్ చదివాక అయితే కనీసం 18 నెలలు శిక్షణ ఉండాలి. తర్వాత రిజిస్ట్రేషన్. ఇవి అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర చేరవద్దు.

రెండో ప్రశ్నకు నేను ఎక్కువ విలువిస్తాను: "ఏ పరిస్థితుల్లో నన్ను ఆసుపత్రికి పంపిస్తారు? పోయిన ఏడాది కాన్పు మధ్యలో ఎంతమందిని పంపారు?" 'మాకు ఆ అవసరమే రాలేదు' అన్న జవాబు వస్తే లేచి వచ్చేయాలి. ఇంగ్లండ్‌లో ప్రమాదం తక్కువని ఎంచిన వేలమంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. మిడ్‌వైఫ్ కేంద్రాల్లో మొదలుపెట్టిన తొలి కాన్పు వాళ్లలో మూడో వంతుకు పైగా ఆసుపత్రికి మారాల్సి వచ్చింది. అంతకుముందు పిల్లలున్నవాళ్లలో పదిమందికి ఒకరు. వాళ్లలో చాలామందికి ప్రాణాపాయమేమీ లేదు, కాన్పు నెమ్మదించిందనే పంపారు. బాగా నడిచే చోట పంపించడం అన్నది ఉండితీరుతుంది.

ఈ కేంద్రం మిడ్‌వైఫ్ ఆ పరీక్షలో బాగా నెగ్గింది. పంపే కారణాల పట్టిక గోడమీదే ఉంది, అంబులెన్సు ఏ ఆసుపత్రికి వెళ్తుందో, ఎంతసేపు పడుతుందో చెప్పింది. అదే పట్టికలో మూడో వరుసలో "పాత సిజేరియన్" అని కూడా ఉంది. "కాన్పు ఇక్కడ కుదరదమ్మా. చెకప్‌లు మాత్రం నేను చూస్తాను, మీ ఆసుపత్రి డాక్టరు ఒప్పుకుంటే" అంది. ఆమె ఆ రోజు చాలా నిరాశపడింది. నాకు మాత్రం ఆ మిడ్‌వైఫ్ మీద అప్పుడే నమ్మకం కుదిరింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో

ఇక్కడ అడగడమే కష్టం. ఓపీలో డాక్టరుకు మూడు నిమిషాల కన్నా ఎక్కువ దొరకవు, అక్కడ ఈ ప్రశ్నల చీటీ తీస్తే వెనకున్నవాళ్లు ఊరుకోరు. లేబర్ రూమ్ నర్సింగ్ ఇన్‌ఛార్జిని మధ్యాహ్నం కాస్త తీరిక ఉన్నప్పుడు కలవమన్నాను. ఏ ఆసుపత్రిలోనైనా రాత్రి నిజంగా ఏం జరుగుతుందో ఆవిడకు తెలిసినంతగా సూపరింటెండెంటుకు కూడా తెలియదు.

డ్యూటీ డాక్టరు, మత్తు డాక్టరు 24 గంటలూ లోపలే ఉంటారు. రక్తనిధి అదే ఆవరణలో. నవజాత శిశువుల విభాగం పక్క భవనంలో. ఇవి ఆమె అక్క చెప్పినవే. నేను రాసిచ్చిన ప్రశ్నలు వీటి వెనక్కి వెళ్లేవి. ప్రసూతికి థియేటర్లు ఎన్ని, ఒకదాంట్లో ఆపరేషన్ నడుస్తుంటే రెండో అత్యవసరం వస్తే? రెండున్నాయి, రాత్రిపూట ఒక్క బృందమే ఉంటుంది, రెండో బృందాన్ని ఇంకో విభాగం నుంచి పిలుస్తారు. బిడ్డ గుండె చప్పుడును ఆగకుండా రాసే సీటీజీ మెషిన్లు ఎన్ని? రెండు, మంచాలు ఎనిమిది. పాత సిజేరియన్ వాళ్లకు ముందు ఇస్తారు. నొప్పుల సమయంలో తోడుగా ఒక మనిషిని ఉండనిస్తారా? ఉండనిస్తాం అన్నారు. అక్కడి మిడ్‌వైఫ్ కాకుండా బయటి మిడ్‌వైఫ్ లోపలికి రావచ్చా? రాకూడదు.

లోపాలు దాచలేదు, అది మంచి సంగతి. ఇక్కడి అసలు సమస్య వేరే. ప్రతిసారీ వేరే డాక్టరు. ఒకరు "నార్మల్ చూద్దాం" అంటే తర్వాతి నెల ఇంకొకరు "పాత సిజేరియనా, అయితే మళ్లీ సిజేరియనే" అంటారు. ఎవరి తప్పూ కాదు, పాత నిర్ణయం ఎక్కడా రాసి ఉండదు అంతే. ఇందుకు మందు యూనిట్ పెద్ద డాక్టరును ఒకసారి కలిసి, నిర్ణయాన్ని ఆమె పుస్తకంలో రాయించుకోవడం. ఏ రోజు ఆ డాక్టరు ఓపీలో ఉంటారో కనుక్కుని ఆ రోజే వెళ్లమన్నాను.

తేలింది ఇలా

కాన్పు ప్రభుత్వ ఆసుపత్రిలో. మామూలు చెకప్‌లు మిడ్‌వైఫ్ దగ్గర. నిర్ణయాలు తీసుకోవాల్సిన సందర్భాల్లో ఆసుపత్రి డాక్టరు. ఏదైనా సందేహముంటే నా దగ్గరికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి కనీసం ఎనిమిది చెకప్‌లు చెబుతోంది: 12 వారాల లోపు ఒకటి, తర్వాత 20, 26, 30, 34, 36, 38, 40 వారాల్లో. ఇందులో మొదటిదీ, 20, 36, 40 వారాలవీ ఆసుపత్రికి ఇచ్చాం, మిగతావి మిడ్‌వైఫ్‌కి.

ఇలా పంచుకుంటే వచ్చే చిక్కు ఒకటుంది. ప్రతి ఒక్కరూ ఆ పని పక్కవాళ్లు చేసి ఉంటారనుకుంటారు. షుగర్ పరీక్ష మిడ్‌వైఫ్ ఆసుపత్రికి వదిలేస్తుంది, ఆసుపత్రి మిడ్‌వైఫ్‌కి వదిలేస్తుంది. అందుకే పుస్తకం ఒక్కటే ఉండాలి, అది గర్భిణి చేతిలోనే ఉండాలి, ఏ పరీక్ష ఎవరిదో మొదటి పేజీలో రాసి ఉండాలి. 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష, హిమోగ్లోబిన్ మిడ్‌వైఫ్ పేరు మీద రాశాం.

20వ వారం స్కాన్‌లో నేను ముందు చూసింది మాయ ఎక్కడుందని. పాత కోత గర్భసంచి ముందువైపు కింద ఉంటుంది. మాయ సరిగ్గా అక్కడే అతుక్కుని, ముఖద్వారాన్ని కప్పితే, అది గర్భసంచి గోడలోకి పాతుకుపోయే ప్రమాదం ఉంది. అలా ముఖద్వారాన్ని కప్పిన మాయ ఉన్నవాళ్లలో పాత సిజేరియన్ ఒకటైతే సుమారు 11 శాతం మందికి, రెండైతే 40 శాతం మందికి అలా జరుగుతుందని అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనంలో తేలింది. అప్పుడు నార్మల్ మాటే ఉండదు, నర్సింగ్ హోమ్ మాట కూడా ఉండదు. ఆమెకు మాయ వెనక గోడకు, పైన ఉంది. స్కాన్ రిపోర్టులో "మాయ వెనక, పైన" అన్న మాట ఉందో లేదో పాత సిజేరియన్ ఉన్నవాళ్లు తమకు తాము చూసుకోవాలి. లేకపోతే అక్కడికక్కడే అడగాలి.

26వ వారంలో మిడ్‌వైఫ్ చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఐరన్ మాత్రలు ఇస్తూ, నాలుగు వారాలకు మళ్లీ చూసింది, ఆమె మాత్ర ఎప్పుడు వేసుకుంటోందో, టీతో పాటు వేసుకుంటోందా అన్నది కూడా అడిగింది. 36వ వారానికి 11.2కి పెరిగింది. రద్దీ ఓపీలో ఇంత వెంటపడేవాళ్లు దొరకరు. చెకప్‌లు మిడ్‌వైఫ్‌కి ఇవ్వడం వల్ల వచ్చిన లాభం ఇదీ.

36వ వారంలో ఆసుపత్రి పెద్ద డాక్టరు పుస్తకంలో రాసింది ఆరు వరుసలు. నొప్పులు వాటంతట అవి రావడానికి 41 వారాల దాకా ఆగాలి. అప్పటికీ రాకపోతే, నొప్పులు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ మందులు వాడకూడదు, మచ్చ చిట్లే ప్రమాదాన్ని అవి పెంచుతాయి. ముఖద్వారాన్ని మెల్లగా తెరిచే బెలూన్ క్యాథెటర్ పెట్టడానికి వీలైతే అది, లేకపోతే సిజేరియన్. నొప్పులు మొదలవగానే, బాగా పెరిగేదాకా ఆగకుండా, రావాలి. రాగానే సెలైన్ సూది, రక్తం గ్రూపు పరీక్ష. సీటీజీ ఆగకుండా. భర్త తోడుగా ఉండవచ్చు. కింద సంతకం, తేదీ.

ఆ రాత్రి

40 వారాల ఒక రోజుకు సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి చేరేసరికి 4 సెంటీమీటర్లు. రెండు సీటీజీ మెషిన్లూ వేరేవాళ్లకు పెట్టి ఉన్నాయి. భర్త పుస్తకంలోని పేజీ చూపించాడు. మెషిన్ ఖాళీ అయ్యేదాకా నర్సు చేతి డాప్లర్‌తో ప్రతి పదిహేను నిమిషాలకూ బిడ్డ గుండె చప్పుడు చూసింది. దాదాపు అరగంట అలాగే గడిచింది. ఆ అరగంట నాకు నచ్చలేదు, రాసి ఉంచిన పేజీ లేకపోతే ఇంకా ఎక్కువసేపు పట్టేది.

భర్తను కూడా మొదట లోపలికి రానివ్వలేదు. పగటి ఇన్‌ఛార్జి చెప్పిన మాట రాత్రి డ్యూటీ వాళ్లకు తెలియదు. సంతకం చూపించి, వాదించి, ఆయన లోపలికి వెళ్లేసరికి 7 సెంటీమీటర్లు అయింది. మిడ్‌వైఫ్ ఫోన్‌లో మాత్రమే అందుబాటులో ఉంది. అది ముందే తెలుసు కాబట్టి ఆమె దిగులుపడలేదు.

తెల్లవారుజామున నార్మల్ కాన్పు అయింది. బిడ్డ 3.2 కిలోలు. ఆ తర్వాత గర్భసంచి సరిగ్గా ముడుచుకోలేదు, రక్తం సుమారు 700 మిల్లీలీటర్లు పోయింది. ఆక్సిటోసిన్, ఒక గ్రాము ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చి, గర్భసంచిని మర్దన చేశాక ఆగింది. రక్తం ఎక్కించాల్సిన పని పడలేదు. మర్నాడు హిమోగ్లోబిన్ 9.6. 26వ వారంలో ఉన్న 9.4తోనే ఆమె కాన్పుకు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఇక్కడ గమనించాల్సింది, మేం ఇంత ఆలోచించింది మచ్చ గురించి. అది చెక్కుచెదరలేదు. ఇబ్బంది పెట్టింది రక్తస్రావం. అది పాత సిజేరియన్ లేనివాళ్లకు కూడా వస్తుంది.

నార్మల్ అయింది కాబట్టి ఎంపిక సరైనదని నేను అనను. ఆ రాత్రి సిజేరియన్ అయి ఉన్నా ఈ ఎంపిక ఇంతే సరైనది. నర్సింగ్ హోమ్‌లో నార్మల్ అయి ఉన్నా అది అదృష్టమే అయ్యేది.

ఇవే మూడు దారులు వేరేవాళ్లకైతే

ఈమె చెల్లెలికి ఇప్పుడు మొదటి గర్భం. అక్క ప్రశ్నల చీటీ పట్టుకుని వచ్చింది. ఆమెకు 25 ఏళ్లు, ఒక్క బిడ్డ, ఆరోగ్య సమస్యలు లేవు. ఆమె విషయంలో మిడ్‌వైఫ్ కేంద్రాన్నే మొదట చూడమన్నాను, ఆసుపత్రికి దగ్గరగా ఉండి, శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉంటే. థియేటర్ ప్రశ్నలు ఆమెకు అంత ముఖ్యం కావు. పంపించే ప్రశ్న మాత్రం ఆమెకే ఎక్కువ ముఖ్యం, తొలి కాన్పుల్లో మారాల్సి వచ్చేది ఎక్కువ కాబట్టి. కవలలైతే, బీపీ లేదా షుగర్ ముందునుంచే ఉంటే, పాత సిజేరియన్లు రెండు మూడు ఉంటే, మొదటి చెకప్ నుంచే గైనకాలజిస్టు దగ్గర, నవజాత శిశు విభాగం ఉన్న చోట చూపించుకోవాలి. అది ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నది తర్వాతి సంగతి. ప్రైవేటైతే, నార్మల్ కాస్తా అత్యవసర సిజేరియన్ అయితే, బిడ్డను పిల్లల విభాగంలో ఉంచాల్సి వస్తే ఖర్చు ఎంతవుతుందో ముందే అడిగి రాయించుకోవాలి. ఆ రాత్రి బేరం కుదరదు.

చెల్లెలికి ఇంకో మాట చెప్పాను. పన్నెండో వారంలో తీసుకున్న నిర్ణయం ముప్పయ్యో వారానికి చెల్లకపోవచ్చు. నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసినా బీపీ 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, ఆమె ఇక తక్కువ ప్రమాదం ఉన్న కేసు కాదు. అప్పుడు మిడ్‌వైఫ్ ఆమెను డాక్టరుకు అప్పగించాలి. అదెలా జరుగుతుందో ఇప్పుడే అడగమన్నాను: చీటీ రాసి పంపుతారా, ఫోన్ చేసి మాట్లాడతారా, ఎవరితో, ఆ తర్వాత కూడా చెకప్‌లకు తనే చూస్తుందా, పూర్తిగా వదిలేస్తుందా. పోయిన వారం ఆమె వెళ్లి అడిగింది. మిడ్‌వైఫ్ ఆసుపత్రి డాక్టరు పేరూ నంబరూ పుస్తకం మొదటి పేజీలో రాసిచ్చింది.